తెలుగులో రాసిన థాంక్యూ చీటీని కొరియన్‌లోకి మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మెషీన్లు బిగించడానికి కొరియా నుంచి ఇంజనీర్లు వస్తుంటారు. నాలుగైదు నెలలుండి, పని పూర్తిచేసి, ఒకరోజు సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళిపోతారు. వెళ్ళేముందు మనవాళ్ళలో ఎవరో ఒకరికి వాళ్ళకొక చిన్న చీటీ రాసి చేతిలో పెట్టాలనిపిస్తుంది. అలాంటి చీటీలు నా దగ్గరికి వస్తుంటాయి, నాకు కొరియన్ వచ్చని తెలిసి. అడిగే ప్రశ్నలు తిప్పితిప్పి అవే కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను. ఉదాహరణకి ఒకటే చీటీ తీసుకుని చివరిదాకా దానితోనే నడుస్తాను. రాసినామె దువ్వాడ వైపు ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేస్తుంది. పేరు లావణ్య అనుకుందాం. ఎవరికి రాసిందో ఆయన ఇంటిపేరు కిమ్ అనుకుందాం.

నేరుగా కొరియన్‌లోనే రాస్తే పోదా? ముందు తెలుగులో ఎందుకు?

కొరియన్ బాగా వస్తే నేరుగానే రాయండి. రాకపోతే మాత్రం తెలుగులోనే మొదలుపెట్టండి, మధ్యలో ఇంగ్లీషు మెట్టు ఎక్కొద్దు. చాలామంది తెలుగులో అనుకున్నది ఇంగ్లీషులోకి మార్చి, అక్కడినుంచి కొరియన్‌కి వెళ్తారు. ఇంగ్లీషులోకి వెళ్ళగానే "మీరు", "నువ్వు" ఒకటైపోతాయి, "గారు" రాలిపోతుంది, "నేర్పారు", "నేర్పిపెట్టారు" మధ్య తేడా మాయమవుతుంది. కొరియన్‌కి కావలసినవి సరిగ్గా అవే. తెలుగులో ఉన్న మర్యాదని ఇంగ్లీషు దగ్గర పారబోసి, కొరియన్ దగ్గర మళ్ళీ వెతుక్కోవడం దేనికి?

లావణ్య తెచ్చిన చీటీ ఇది:

"కిమ్ గారికి నమస్కారం. మీ వల్లే ప్రాజెక్టు అనుకున్న రోజుకి పూర్తయింది. రాత్రి పొద్దుపోయేదాకా ఉండి, ప్యానెల్ వైరింగ్ ఒక్కొక్కటీ చూపిస్తూ నేర్పిపెట్టారు. మీ రుణం తీర్చుకోలేను. మీరూ మీ కుటుంబం చల్లగా ఉండాలి. మళ్ళీ మా వైజాగ్ రండి. లావణ్య."

తెలుగులో దీనికి వంక పెట్టడానికి లేదు. ముఖ్యంగా ఆ ప్యానెల్ వైరింగ్ మాట. "మీ సహకారానికి ధన్యవాదాలు" అని రాసుంటే ఆ చీటీ ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు. వైరింగ్ ఉంది కాబట్టి ఇది కిమ్ గారికి తప్ప ఇంకెవరికీ చెల్లదు. అనువాదంలో ఏది పోయినా ఆ వాక్యం పోకూడదని మొదటే అనుకున్నాం.

"కిమ్ గారు" అంటే కొరియన్‌లో ఏమనాలి?

సగం చీటీలు తప్పుదారి పట్టేది ఇక్కడే. "గారు"కి దగ్గరి మాట 님 (నిమ్). కానీ ఇంటిపేరుకి దాన్ని తగిలించి "కిమ్ నిమ్" అని ఊరుకుంటే ఆఫీసులో కుదరదు. కొరియన్ ఆఫీసుల్లో మనిషిని హోదాతో పిలుస్తారు. పాత పద్ధతి మెట్లు ఇలా ఉంటాయి: కింద 사원 (సావొన్), ఆపైన 대리 (దేరి), 과장 (గ్వాజంగ్), 차장 (ఛాజంగ్), 부장 (బుజంగ్). కిమ్ గారు గ్వాజంగ్ అయితే ఆయన 김 과장님, అంటే "కిమ్ గ్వాజంగ్‌నిమ్". మన దగ్గర "ఎస్సై గారు", "హెడ్మాస్టారు" అన్నట్టే, పేరుకన్నా హోదా ముందు పలుకుతుంది.

ఆ హోదా ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషు విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని ఉంటే సరిపోదు. దేరిని, గ్వాజంగ్‌ని కూడా ఇంగ్లీషులో మేనేజర్ అనే రాసుకునేవాళ్ళున్నారు. కార్డు వెనక్కి తిప్పండి, అటువైపు కొరియన్‌లో ఉండొచ్చు. లేదంటే ఆయన ఈమెయిల్ చివర సంతకం చూడండి. అదీ లేకపోతే తోటి కొరియన్లు ఆయన్ని ఏమని పిలుస్తున్నారో ఒకరోజు చెవొగ్గి వినండి. లావణ్య చేసింది అదే. టీ దగ్గర "గ్వాజంగ్‌నిమ్" అని పిలవడం రెండుసార్లు విని వచ్చి నాకు చెప్పింది.

కొన్ని కంపెనీలు ఈ మెట్లు తీసేసి అందర్నీ పేరుకి 님 కలిపి పిలుస్తున్నాయి. పరిశోధన విభాగాల్లో 선임 (సొనిమ్), 책임 (ఛేగిమ్), 수석 (సుసొక్) అని వేరే వరస ఉంటుంది. ఏదీ తేలకపోతే పూర్తి పేరు రాసి, ఒక ఖాళీ వదిలి, 님 పెట్టండి. అది ఎక్కడా తప్పుకాదు. 씨 (శ్శి) మాత్రం పెద్దవాళ్ళకి వాడొద్దు. కొరియన్ టీవీ డ్రామాల్లో వినిపిస్తుంది కదా అని చాలామంది వాడేస్తారు. అది సమానులకీ, కిందివాళ్ళకీ చెల్లే మాట.

ఇంకో సంగతి. తెలుగు చీటీలో "మీరు", "మీ" ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. నిఘంటువు చూస్తే "మీరు"కి 당신 (దంగ్‌శిన్) అని కనిపిస్తుంది. ఆఫీసులో ఎదుటి మనిషిని అలా అంటే గొడవకి దిగినట్టుంటుంది. భార్యాభర్తల మధ్య వాడతారు, లేకపోతే రోడ్డు మీద తగాదాలో. "మీరు" అనవలసిన ప్రతిచోటా మళ్ళీ "గ్వాజంగ్‌నిమ్" అనే రాయాలి, లేదా ఏమీ రాయకుండా వదిలెయ్యాలి. తెలుగులోనూ మనం "మాస్టారికి తెలియనిదేముంది" అని మాస్టారితోనే అంటాం కదా, ఆ ధోరణి.

"మీ వల్లే పూర్తయింది" అన్నదాన్లో తప్పేముంది?

తెలుగులో ఏమీ లేదు. "వల్ల" మంచికీ చెడ్డకీ రెండింటికీ పనికొస్తుంది. మీ వల్ల బాగుపడ్డాను, మీ వల్ల చెడిపోయాను, రెండూ అంటాం. కొరియన్ ఆ మాటని మూడుగా చీల్చుకుంది. మేలు జరిగితే 덕분에 (దొక్పునే). మామూలు కారణమైతే 때문에 (త్తెమునే), మనిషి పేరు పక్కన ఇది తరచూ నిష్ఠూరంగా వినిపిస్తుంది. తప్పు ఒకరి మీదికి తోసేటప్పుడు 탓에 (థసే).

లావణ్య ఫ్రెండ్ ఒకమ్మాయి నిఘంటువు దగ్గర పెట్టుకుని ముందే ఒక అనువాదం చేసిచ్చింది. మొదటి వాక్యం ఇలా వచ్చింది:

```
당신 때문에 프로젝트가 끝났습니다.
```

ఒక్కో మాటా విడివిడిగా చూస్తే అన్నీ సరైనవే. కలిపి కొరియన్ మనిషి చదివితే మాత్రం "నీ మూలంగా ప్రాజెక్టు ముగిసిపోయింది" అనిపిస్తుంది. పాపం ఆయన రాత్రుళ్ళు మేలుకుని పనిచేసి వెళ్తూ ఈ మాట చదువుకోవాలా?

దిద్దిన వాక్యం ఇది:

```
과장님 덕분에 프로젝트를 제날짜에 잘 마칠 수 있었습니다.
```

"గ్వాజంగ్‌నిమ్ చలవ వల్ల ప్రాజెక్టుని అనుకున్న రోజుకి చక్కగా ముగించగలిగాం" అని దీని భావం. "ముగిసింది" కాస్తా "ముగించగలిగాం" అయింది చూడండి. 끝났습니다 అంటే అదంతట అది అయిపోయినట్టు. 마칠 수 있었습니다 అంటే సాధ్యమైంది, చేయగలిగాం అని. ఆ సాధ్యమవడంలోనే ఆయన సాయం ఉంది. 덕분에 పక్కన ఈ రూపం బాగా అతుకుతుంది.

తెలుగులోంచి తేలిగ్గా దిగిపోయేవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అవే ఈ పనిలో నాకిష్టమైనవి. రెండు భాషల్లోనూ క్రియ చివర్నే వస్తుంది. విభక్తులు మాట వెనకే అతుక్కుంటాయి. అందుకని "రాత్రి పొద్దుపోయేదాకా ఉండి, ప్యానెల్ వైరింగ్ ఒక్కొక్కటీ చూపిస్తూ నేర్పిపెట్టారు" అన్న పొడుగు వాక్యాన్ని దాదాపు అదే వరసలో పేర్చుకుంటూ పోవచ్చు.

```
밤늦게까지 남아 제어반 배선을 하나하나 짚어 가며 가르쳐 주셔서 정말 감사합니다.
```

밤늦게까지 అంటే రాత్రి పొద్దుపోయేదాకా. 남아 అంటే ఉండిపోయి. 제어반 배선을 అంటే కంట్రోల్ ప్యానెల్ వైరింగ్‌ని. 하나하나 (హనాహనా) అచ్చం మన "ఒక్కొక్కటీ"లాగే "ఒకటి" అన్న మాటని రెండుసార్లు అనడం. 짚어 가며 అంటే వేలుపెట్టి చూపిస్తూ. ఇక 가르쳐 주셔서 దగ్గర కాస్త ఆగాలి.

가르치다 అంటే నేర్పడం. దాని పక్కన చేరిన 주다 అంటే ఇవ్వడం. నేర్పి ఇవ్వడం, అంటే ఎదుటివాడి మేలుకోసం నేర్పడం. తెలుగులో మనం "పెట్టు" కలిపి చేసేది ఇదే పని: చేసిపెట్టారు, రాసిపెట్టారు, నేర్పిపెట్టారు. లావణ్య "నేర్పారు" అనకుండా "నేర్పిపెట్టారు" అని రాసిందంటే కొరియన్‌కి కావలసింది ఆమె తెలుగులోనే పెట్టేసింది. 주다 లేకుండా ఊరికే "నేర్పినందుకు" అని కొరియన్‌లో రాస్తే అందులో మేలు చేసిన సంగతి కనపడదు, పాఠం చెప్పిన సంగతే కనపడుతుంది.

మధ్యలో వచ్చే 셔 (శ్యొ) గౌరవం. వాక్యంలో "ఉండి", "చూపిస్తూ", "నేర్పిపెట్టి" అని మూడు పనులున్నా గౌరవం చివరి పనికి పెడితే చాలు. తెలుగులోనూ అంతే కదా, "ఉండి, చూపిస్తూ, నేర్పిపెట్టారు" అన్నప్పుడు ఆ "-రు" ఒక్కటే అన్నిటినీ మోస్తుంది.

ఒక్క జాగ్రత్త. జరిగిపోయిన పని కదా అని 주셨어서 అంటూ భూతకాలం చొప్పించొద్దు. 감사합니다 ముందు 주셔서 అనే రావాలి. అలాగే కారణం చెప్పడానికి 니까 అని ఇంకో ప్రత్యయం ఉంది. "నేర్పారు కాబట్టి థాంక్స్" అన్నట్టు దాన్ని ఇక్కడ పెట్టడం కుదరదు.

రుణం, చల్లగా ఉండటం, మళ్ళీ రండి అనడం: ఇవి ఎలా చెప్పాలి?

ఇవి మూడూ మనకి నోటికొచ్చే మాటలు, అందుకే ప్రమాదం. మూడింటికీ మూడు రకాల వైద్యం చేయాల్సొచ్చింది.

"మీ రుణం తీర్చుకోలేను" అన్నదాన్ని మాటకి మాట పెడితే డబ్బు బాకీలా వినిపిస్తుంది. ఈ మేలు మరచిపోనని చెప్పేటప్పుడు వాడే మాట 은혜 (ఉన్హే) కొరియన్‌లో ఉంది, కానీ ప్రాణం కాపాడినవాళ్ళకీ, చదువు చెప్పిన గురువుకీ అనదగినంత బరువైనది. వైరింగ్ నేర్పినందుకు అది వాడితే ఆయన ఇబ్బంది పడతాడు. లావణ్యని అడిగాను, "రుణం అంటే నీ మనసులో ఏముందమ్మా?" అని. "ఆయన దగ్గర చాలా నేర్చుకున్నాను సార్, అదీ" అంది. మరి అదే రాద్దామన్నాను. 많이 배웠습니다, "చాలా నేర్చుకున్నాను". రెండే మాటలు. నేర్పినవాడికి అంతకన్నా ఏం కావాలి?

"చల్లగా ఉండాలి" మీద నవ్వొస్తుంది. ఎండలు మండే మన దగ్గర చల్లదనం దీవెన. కొరియన్‌లో 차갑다 (ఛగప్తా) అని మనిషి గురించి అంటే ముభావి, మనసులో తడిలేనివాడు అని అర్థం. కుటుంబమంతా అలా ఉండాలని కోరుకున్నట్టవుతుంది. వాళ్ళ దీవెన ఆరోగ్యం చుట్టూ తిరుగుతుంది: 늘 건강하시기를 바랍니다, "ఎల్లప్పుడూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాను". మాటల్లో 건강하세요 అని కూడా అంటారు, కానీ అది వ్యాకరణం ప్రకారం సరికాదని పట్టింపు ఉన్నవాళ్ళున్నారు. చీటీకి ముందుదే మేలు.

ఇక "మళ్ళీ రండి". 또 오세요 (త్తొ ఒసేయో) అని పెడితే అర్థం సరిగ్గా ఉంటుంది, వినిపించేది మాత్రం హోటలు కౌంటర్ దగ్గర బిల్లు కట్టాక చెప్పే మాటలాగా. దాని బదులు "మీరు మళ్ళీ వచ్చే రోజు కోసం ఎదురుచూస్తాను" అన్నాం. ఇది తెలుగుకీ కొరియన్‌కీ ఒకేలా అతుకుతుంది.

తెలుగు చీటీని కూడా దీనికి తగ్గట్టు మార్చాలా అని కొందరడుగుతారు. అక్కర్లేదు. రుణం తెలుగులో రుణంగానే ఉండనివ్వండి.

కంసాహమ్నిదా సరిపోతుందా? కోమావో అనకూడదా?

감사합니다 (గంసాహమ్నిదా) సరిపోతుంది. అది చైనా మూలం నుంచి వచ్చిన మాట. 고맙습니다 (గోమప్సుమ్నిదా) అచ్చ కొరియన్ మాట. మన "ధన్యవాదాలు", "సంతోషమండి" మధ్య ఉన్నంత దూరం అనుకోండి, రెండూ మర్యాదే. ఆఫీసు చీటీలో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది. ఆయన మీకు బాగా పెద్ద అయితే 감사드립니다 (గంసాదురిమ్నిదా) అని ఇంకో మెట్టు వంగొచ్చు.

고마워 (గోమావొ) వద్దు. డ్రామాలు చూసి కొరియన్ నేర్చుకున్న పిల్లలు వైజాగ్‌లో ఇప్పుడు చాలామందే ఉన్నారు, ఉచ్చారణ కూడా బాగుంటుంది. కాకపోతే డ్రామాల్లో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునే భాష వింటారు కాబట్టి వాళ్ళకొచ్చింది "ఒరేయ్, ఏంట్రా" కొరియన్. మీ చెల్లెలితో చీటీ అనువాదం చేయిస్తే వాక్యాల చివర్లు చూడండి. ప్రతి వాక్యం 니다 (నిదా) తోనో, కనీసం 요 (యో) తోనో ముగియాలి. కొరియన్ లిపి హంగుల్ చదవడం రాకపోయినా ఈ రెండు ఆకారాలు కళ్ళతో పట్టుకోవచ్చు.

"చాలా కష్టపడ్డారు" అనాలనిపిస్తే 수고하셨습니다 (సుగోహశ్యొస్సుమ్నిదా) అని ఉంది. పని ముగిశాక తోటివాళ్ళు ఒకరితో ఒకరు అనుకునే మాట. పైవాళ్ళతో అనకూడదన్నది పాత మర్యాద. ఇప్పుడు ఆఫీసుల్లో అనేవాళ్ళున్నా, నొచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. కిమ్ గారు లావణ్యకంటే పెద్ద, కాబట్టి తీసి పక్కన పెట్టాం.

"అన్నయ్యలా చూసుకున్నారు" అని రాయొచ్చా?

లావణ్య మొదటి చిత్తుప్రతిలో ఇది ఉంది. తీయించేశాను. ఆడపిల్ల తన అన్నయ్యని పిలిచే మాట కొరియన్‌లో 오빠 (ఒప్పా). అదే మాట ప్రేమించినవాడికీ వాడతారు. "సొంత అన్నయ్యలా" అని స్పష్టంగా రాసినా ఆఫీసు చీటీలో ఆ మాట కనపడితే పక్కవాళ్ళు కళ్ళెగరేస్తారు. మన దగ్గర అన్నయ్య అనేసరికి దూరం ఏర్పడి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ వ్యవహారం తిరగబడుతుంది. మగవాళ్ళు మగవాళ్ళకి రాసేటప్పుడు కూడా 형 (హ్యొంగ్) అనడం ఆయన అలా పిలవమన్నాకే.

మరి పూర్తి చీటీ ఎలా వచ్చింది?

```
김 과장님께

안녕하세요, 라바니야입니다.
과장님 덕분에 프로젝트를 제날짜에 잘 마칠 수 있었습니다.
밤늦게까지 남아 제어반 배선을 하나하나 짚어 가며
가르쳐 주셔서 정말 감사합니다. 많이 배웠습니다.
과장님과 가족분들 모두 늘 건강하시기를 바랍니다.
비샤카파트남에 다시 오실 날을 기다리겠습니다.

라바니야 드림
```

చేతికిస్తూ పైకి చదవాలనుకుంటే ఇంచుమించు ఇలా: "గిమ్ గ్వాజంగ్‌నిమ్‌కె. అన్న్యొంగ్‌హసేయో, లవనియా ఇమ్నిదా. గ్వాజంగ్‌నిమ్ దొక్పునే ఫురోజెక్తురుల్ జెనల్‌చ్చాయే జల్ మఛిల్ సు ఇస్సొస్సుమ్నిదా. బమ్‌నుక్కెక్కాజి నమా జేయొబన్ బేసొనుల్ హనాహనా జిఫొ గమ్యొ గరుఛొ జుశ్యొసొ జొంగ్‌మల్ గంసాహమ్నిదా. మని బేవొస్సుమ్నిదా. గ్వాజంగ్‌నిమ్‌గ్వా గజొక్‌పున్‌దుల్ మొదు నుల్ గొన్‌గంగ్‌హశిగిరుల్ బరమ్నిదా. బిశాఖాఫథునామే దశి ఒశిల్ నరుల్ గిదరిగెస్సుమ్నిదా." తెలుగు లిపికి అందని అచ్చులు రెండు మూడున్నాయి, కానీ ఆయనకి అర్థమవుతుంది.

మొదటి వరసలో 께 మన "గారికి". చివర 드림 (దురిమ్) అంటే వినయంగా ఇవ్వడం, "సమర్పించుకుంటున్నది" అన్నట్టు. దీని బదులు 올림 (ఒల్లిమ్) కూడా ఉంది, పైకెత్తి అందించడం అని అర్థం, ఇంకా పెద్దవాళ్ళకి. తోటి ఉద్యోగి, మీకంటే కాస్త పైవాడు అయితే 드림 చాలు. వట్టి పేరు రాసి వదిలేస్తే మాత్రం బోసిగా ఉంటుంది.

మీ పేరు హంగుల్‌లో ఎలా రాయాలన్నది మీకై మీరు తేల్చకండి. కొరియన్‌లో ఇంగ్లీషు v లాంటి "వ" ధ్వని లేదు, 바 (బ) తో సర్దుకుంటారు. "ణ్య"ని 니야 అనీ రాయొచ్చు, 냐 అనీ రాయొచ్చు. ఇన్ని నెలల్లో ఆయన తన ఫోన్‌లో, కొరియన్లు వాడే చాట్ యాప్ కాకావోటాక్‌లో మీ పేరు ఏదో ఒకలా రాసుకునే ఉంటాడు. అది చూసి అలాగే రాయండి. తనకు అలవాటైన మీ పేరు అదే.

చేత్తో రాయాలా, ప్రింటు తీయాలా?

చేత్తో రాస్తే విలువ ఎక్కువ, అయితే చూసి గీసేవాళ్ళకి ఒక గుంట ఉంది. నేనూ అందులో పడ్డాను. మొదటిసారి ఒక సీనియర్‌కి కార్డు రాస్తూ 과장님 బదులు 과정님 అని రాశాను. తేడా ఒక్క చిన్న అడ్డగీత. నిలువు గీతకి కుడివైపు ఉంటే "అ", ఎడమవైపు ఉంటే "ఒ". 과정 అంటే కోర్సు, ప్రక్రియ. "ప్రక్రియ గారికి" అని రాసిచ్చానన్నమాట. ఆయన ఏమీ అనలేదు, కార్డు చూసి పెదవి బిగబట్టి నవ్వాపుకోవడం మాత్రం కనిపించింది. మామూలు తెల్లకాగితం మీద రెండుసార్లు రాసి, అసలు దానితో ఒక్కో అక్షరం పక్కపక్కన పెట్టి పోల్చాకే కార్డు ముట్టుకోండి. ఇంకొకటి, మాటల మధ్య ఖాళీలు కూడా అక్షరాల్లాంటివే, ఉన్నచోట ఉంచండి.

ప్రింటుకి వెళ్తే, తెలుగు డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లతోనే పని. అవి యూనికోడ్ కావు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు గానీ, హంగుల్ గానీ అందులో అతికిస్తే పిచ్చిగీతలో, ఖాళీ డబ్బాలో వస్తాయి. ఇంట్లోనే తెలుగుకి `Noto Sans Telugu`, కొరియన్‌కి `Noto Sans KR` లేదా `Malgun Gothic` పెట్టుకుని, పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. షాపులో దాన్ని తెరిచి దిద్దనివ్వకండి, అలాగే ప్రింటు కొట్టించండి. పైన తెలుగు, కింద కొరియన్ ఉంటే బాగుంటుంది. తెలుగు ఆయన చదవలేరు, కానీ మీరు దేన్లో అనుకున్నారో కంటికి కనిపిస్తుంది.

పెన్ను రంగు, కానుక, ఇచ్చే పద్ధతి?

ఎర్ర ఇంకుతో ఆయన పేరు రాయొద్దు. బతికున్న మనిషి పేరు ఎర్రగా రాయడం కొరియన్లకి అశుభం, చావుతో ముడిపడింది. నీలమో నలుపో వాడండి. రెండు చేతులతో అందించండి. అరకు కాఫీ ప్యాకెట్లు జతచేస్తే నాలుగు మాత్రం ఇవ్వకండి, నాలుగుకీ చావుకీ వాళ్ళ భాషలో ఒకే పలుకు, 사 (సా). మూడో ఐదో ఇస్తే సరి. కార్డు మూలలకి పసుపు రాయాలా అని ఒకాయన అడిగాడు. రాయండి, తప్పేం లేదు, కాకపోతే అది మరకనుకోకుండా ఒక ముక్క చెప్పండి.

అనువాదం సరిగ్గా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?

కొరియన్ వచ్చిన ఇంకొకరికి కొరియన్ చీటీ ఒక్కటే ఇవ్వండి, తెలుగుది చూపించకండి. చదివి, ఎవరు ఎవరికి రాశారో, ఇద్దరిలో పెద్ద ఎవరో, ఏం జరిగిందో తెలుగులో చెప్పమనండి. తెలుగు చూపిస్తే దాన్ని మనసులో పెట్టుకుని తప్పుల్ని దాటేస్తారు. లావణ్య ఫ్రెండ్ చేసిన మొదటి అనువాదాన్ని ఇలాగే ఒకబ్బాయికి ఇచ్చాం. "ఎవరో ఎవరినో తిడుతున్నారు, చివర్లో మళ్ళీ రమ్మంటున్నారు" అన్నాడు. దిద్దినదాన్ని చదివి "పని నేర్పిన సీనియర్‌కి జూనియర్ రాసింది, ఏదో కరెంటు పని" అన్నాడు. అక్కడితో ఆపేశాం. చీటీ ఎన్నిసార్లైనా దిద్దుతూ పోవచ్చు, కానీ మరీ నున్నగా చేస్తే అది లావణ్యది కాకుండా పోతుంది.

ఆయన "అనిమ్నిదా" అన్నారు. అంటే కాదన్నారా?

కంగారు పడకండి. 아닙니다 (అనిమ్నిదా) అంటే మాటకి "కాదు" అనే, కానీ థాంక్స్ చెప్పినప్పుడు అది మన "అబ్బే, అదెంత పనండీ". దాని వెనకే 저야말로 감사합니다 (జొయామల్లో గంసాహమ్నిదా) వస్తే "నేనే మీకు చెప్పాలి" అని. 별말씀을요 (బ్యొల్‌మల్సుముల్యో) అన్నా ఆ కోవలోదే. మీరు తిరిగి ఇంకో చీటీ రాయనక్కర్లేదు, తలవంచి చిన్నగా నవ్వితే చాలు. కిమ్ గారు అయితే చీటీ రెండుసార్లు చదువుకుని, 제어반 అన్న మాట మీద వేలు పెట్టి, "ఇది నువ్వే రాశావా?" అని ఇంగ్లీషులో అడిగాడట. తెలుగు తనదనీ, కొరియన్ వేరేవాళ్ళదనీ లావణ్య చెప్పింది. అయితే ఆ తెలుగు ఒకసారి చదివి వినిపించమన్నాడట.